కోరిక తగ్గి, ఓపిక కూడా లేకపోతే ఏ రక్తపరీక్షలు చేయించుకోవాలి?

భార్య మీద ఇష్టం తగ్గలేదు, కానీ రాత్రయ్యేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. ఇలాంటప్పుడు చాలామంది మగవాళ్లు నేరుగా మెడికల్ షాపుకెళ్లి వయాగ్రా లాంటి మాత్ర అడుగుతారు. అది అంగస్తంభనకు పనికొస్తుందే తప్ప కోరిక పుట్టించదు. మెట్లెక్కితే ఆయాసం, నిద్రపోయి లేచినా తీరని అలసట, అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉంటే ముందు రక్తం చూపించుకోవాలి.

1. వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. శాకాహారులైతే లోటు ఇంకా తొందరగా వస్తుంది, వాళ్లకు బి12 వచ్చేది దాదాపుగా పాలూ పెరుగుల నుంచే.

2. ఏ సూదీ మాత్రా మొదలుపెట్టకముందే రక్తం ఇవ్వండి. వారం రోజులు బీకాంప్లెక్స్ మింగి వెళ్తే బి12 అంకె బాగానే కనిపించి, అసలు లోటు బయటపడకపోవచ్చు. సీబీపీ, బి12, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ చాలు.

3. రిపోర్టులో ఒక్క అంకె చూసి తేల్చేయకండి. ఉదాహరణకు మెట్‌ఫార్మిన్ వాడే 42 ఏళ్ల శాకాహారి రిపోర్టు ఇలా ఉందనుకుందాం: హిమోగ్లోబిన్ 11.8, ఎంసీవీ 88, బి12 140, ఫెరిటిన్ 12. మగవాళ్లకు హిమోగ్లోబిన్ 13 లోపుంటే రక్తహీనతే. ఎంసీవీ అంటే ఎర్రకణాల సైజు. బి12 లోటులో ఎర్రకణాలు పెద్దవై ఎంసీవీ పెరగాలి, ఇక్కడ నార్మల్‌గా ఉంది. ఎందుకంటే ఐరన్ లోటు కణాలను చిన్నవి చేస్తుంది. రెండు లోట్లూ కలిసి ఒకదాన్నొకటి కప్పేశాయి. ఎంసీవీ ఒక్కటే చూసి 'బాగానే ఉంది' అనుకుంటే రెండూ తప్పిపోతాయి. బి12 సుమారు 200 నుంచి 300 మధ్య ఉంటే అది అనుమానపు జోన్, డాక్టరు ఇంకో పరీక్ష రాయవచ్చు.

4. ఐరన్ మాత్ర వేసుకుని ఊరుకోకండి. మగవాళ్లకు నెలసరి ఉండదు కాబట్టి ఐరన్ తగ్గిందంటే రక్తం ఎక్కడో పోతుండవచ్చు. మొలలు, కడుపులో పుండు, పేగు కేన్సర్, ఏదైనా కావచ్చు. ఆ సంగతి డాక్టరు తేల్చాలి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడటం కూడా ప్రమాదమే: రక్తం మెరుగుపడుతుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

5. బి12కి 1000 మైక్రోగ్రాముల సూదులో, రోజువారీ మాత్రలో డాక్టరు రాస్తారు. తిమ్మిర్లు ఎక్కువగా ఉంటే సాధారణంగా సూదులతోనే మొదలుపెడతారు. హిమోగ్లోబిన్ దాదాపు రెండు నెలల్లో కుదుటపడుతుంది, తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పట్టవచ్చు. కోరిక వారంలో తిరిగి రాలేదని మందు మానేయకండి.

6. రక్తం సరైపోయి, ఓపిక వచ్చినా కోరిక రాకపోతే కారణం వేరే ఉన్నట్టే. అప్పుడు పొద్దున పది లోపు పరగడుపున టెస్టోస్టిరాన్ చేయించుకోండి, తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ చేయించండి. గట్టిగా గురక పెడతారా, మనసు దిగులుగా ఉంటోందా, డిప్రెషన్ మందులు వాడుతున్నారా అన్నవి కూడా మొహమాటపడకుండా డాక్టరుతో చెప్పండి.