ఐదు మార్కుల తేడా లెక్కలోకి వస్తుందా?

ఎ సెక్షన్‌లో 32 మంది, సగటు 68, ప్రామాణిక విచలనం 12. బి సెక్షన్‌లో 30 మంది, సగటు 63, విచలనం 15. ఒక్కో విచలనాన్ని వర్గం చేసి విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే 4.5, 7.5 వస్తాయి. కలిపితే 12, దాని వర్గమూలం 3.46. తేడా 5ను దీంతో భాగిస్తే 1.44. ఈ తేడా యాదృచ్ఛికం కాదనాలంటే, ఇంతమంది ఉన్నప్పుడు ఇది సుమారు 2 దాటాలి; దాటలేదు. అలాగని రెండు సెక్షన్లూ సమానమని కాదు, ఈ మార్కులతో తేల్చలేమంతే.

ఎక్సెల్‌లో అయితే, ఎ సెక్షన్ మార్కులు A కాలమ్‌లో, బి సెక్షన్‌వి B కాలమ్‌లో ఉంటే:

```
=T.TEST(A2:A33,B2:B31,2,3)
```

ఇక్కడ 0.15 దగ్గర వస్తుంది; అసలు తేడా లేకున్నా కనీసం ఇంత తేడా కనిపించే అవకాశం అది. తేడా ఉందనాలంటే 0.05 కంటే తక్కువ రావాలి. చివరి 3 బదులు 1 వేస్తే అది ఒకే విద్యార్థి రెండు మార్కులను పోల్చే జతల పరీక్ష, ఇక్కడికి పనికిరాదు. రెండు సెక్షన్లలో సంఖ్య ఒకటే అయితే ఆ తప్పు జవాబు చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. గైర్హాజరైనవాళ్లకు సున్నా వేసి ఉంటే ముందు ఆ గడులు ఖాళీ చేయండి.