వాట్సాప్ మెసేజ్ నుంచి ఆహ్వాన పత్రం దాకా – పాఠం 4: వక్తను పిలవడం, విషయం, తేదీ, పారితోషికం

పోయిన పాఠంలో సెలవు చీటీని దరఖాస్తుగా మార్చాం. అది ఒకరకంగా తేలిక, ఎందుకంటే అడిగేది మనం, ఇచ్చేది వాళ్ళు. ఈసారి మనమే ఒక పెద్దమనిషిని మన ఊరికి రమ్మని అడిగి, ఆయన సమయం తీసుకుని, దానికి డబ్బు కూడా ఇస్తామంటున్నాం. ఇక్కడ మాట తేడా వస్తే ఇబ్బంది పడేది రెండు పక్షాలూ.

ఉదాహరణ మా ఊరిదే, పర్లాకిమిడిది. మా తెలుగు సంఘం కార్యదర్శి నాకు తమ్ముడి వరస. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కదా, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పిన ఊరు, సవర భాష నేర్చుకున్న ఊరు ఇదే కాబట్టి మాకు ఆ రోజు మామూలు రోజు కాదు. శ్రీకాకుళంలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు ఆచార్యుల్ని పిలుద్దామని అందరం అనుకున్నాం. మావాడు వెంటనే ఫోన్ తీసి ఆయనకి ఇలా పంపాడు:

"నమస్తే సార్ బాగున్నారా"
"సార్ 29న మన ప్రోగ్రాం, మీరు తప్పకుండా రావాలి"
"గిడుగు గారి గురించి ఏదైనా మాట్లాడండి, మీ ఇష్టం"
"పొద్దున్నే పెడదామనుకుంటున్నాం, 10, 10:30 అలా"
"ఖర్చుల గురించి ఆలోచించకండి, అన్నీ మేం చూసుకుంటాం"
"ఏదో మా శక్తికొద్దీ ఇస్తాం సార్"

ఆయన "చూద్దాం" అని జవాబిచ్చారు. మావాడు దాన్ని "వస్తానన్నారు" అని గ్రూపులో పెట్టేశాడు. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేసి, ఒక ఉత్తరం పంపించండి నాయనా అన్నారు. అప్పుడు ఆ పని నా మీద పడింది.

మనలో చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. "రావాలి"ని "విచ్చేయవలసినదిగా ప్రార్థన" అనీ, "మీరు"ని "తమరు" అనీ మార్చేసి ఉత్తరం అయిపోయిందనుకుంటారు. పై ఆరు మెసేజ్‌లనీ అలా మార్చి చూడండి, పెళ్ళి శుభలేఖలా ఉంటుంది, ఆయన అడగబోయే ఒక్క ప్రశ్నకీ జవాబుండదు. పైగా వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన మనిషి పుట్టినరోజుకి గ్రాంథికంలో ఆహ్వానం పంపితే ఆ ఆచార్యుడు నవ్వుకోరా?

అసలు చిక్కు భాషలో లేదు. మెసేజ్‌లో ఎక్కడ మాట వదులుగా ఉందో అక్కడ మనం ఇంకా తేల్చుకోని సంగతి ఒకటి దాక్కుని ఉంటుంది. "ఏదైనా" అన్నామంటే విషయం తేల్చలేదు. "10, 10:30 అలా" అన్నామంటే హాలు ఖరారు కాలేదు. "శక్తికొద్దీ" అన్నామంటే కమిటీలో డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. అందుకని పెన్ను పట్టే ముందు అలాంటి మాటల కింద గీతలు గీసి, కార్యదర్శిని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడగాలి. నేను అలాగే చేశాను. మావాడికి కొంచెం కోపం వచ్చింది, అది వేరే సంగతి.

ముందు విషయం. "గిడుగు గారి గురించి ఏదైనా" అంటే వక్తకి స్వేచ్ఛ ఇచ్చినట్టు అనిపిస్తుంది గానీ నిజానికి పని పెంచినట్టే. ఆయన వ్యావహారిక భాషోద్యమం గురించి తయారై వస్తే, అదే మాట ముందు మాట్లాడే ముగ్గురూ చెప్పేసి ఉంటారు. మా సభకి వచ్చేవాళ్ళలో సవర కుటుంబాల పిల్లలు కూడా ఉంటారు, గజపతి జిల్లాలో ఆ భాష ఈనాటికీ వినిపిస్తుంది. అందుకని విషయాన్ని కుదించి "సవర భాషకు గిడుగు రామమూర్తి చేసిన పని" అని పెట్టాం. ఆ భాష ఆయన ఎలా నేర్చుకున్నారు, బడి పుస్తకాలు ఎలా తయారుచేశారు, ఇదీ మాకు కావలసింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయిన కథ కూడా కావాలన్నారు కమిటీలో ఒకరు. అది కదిపితే సభ అంతా అక్కడే ఆగిపోతుంది, వద్దన్నాం. విషయం రాశాక ఒక వాక్యంలో "మీకు అనువుగా శీర్షిక మార్చుకోవచ్చు" అంటే చాలు, స్వేచ్ఛ అక్కడ ఇవ్వాలి.

విషయంతో పాటు శ్రోతలెవరో కూడా రాయాలి. సరిహద్దు ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇది అస్సలు మరిచిపోకూడదు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ ఒడియా మీడియంలో చదువుకుంటారు, చాలామందికి తెలుగు అక్షరాలు రావు. శ్రీకాకుళం నుంచి వచ్చే మనిషికి అది తెలియదు. ఒకసారి ఇలాగే ఒక వక్త తెరమీద నిండా తెలుగు పద్యాలు, వాక్యాలు వేసి "చదవండి బాబూ" అని పిల్లల్ని అడిగారు. హాలంతా నిశ్శబ్దం. తప్పు ఆయనది కాదు, ముందే చెప్పని మాది.

ఇక తేదీ. "29న" అంటే ఏ నెల? మనకి తెలుసు, ఆయన డైరీకి తెలియదు. తేదీ, నెల, సంవత్సరం, వారం నాలుగూ రాయండి. వారం ఎందుకంటే అదే మనకి కాపలా: తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే రెండింట్లో ఒకటి తప్పని చదివినవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, ఫోన్ చేసి అడుగుతారు. అలాగే సభ మొదలయ్యే సమయం వేరు, ఆయన మాట్లాడే సమయం వేరు, రెండూ ఇవ్వాలి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, స్వాగతాలు, ఇవన్నీ అయ్యేసరికి మనవైపు గంట ఎలా పోతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే "ముఖ్య అతిథి" అని కాకుండా "వక్త" అని రాసి, ఎన్ని నిమిషాలో చెప్పాలి. ముఖ్య అతిథి అన్న మాట చూస్తే వేదిక మీద కూర్చుని నాలుగు మాటలు చెప్తే చాలనుకుంటారు, ప్రసంగం తయారుచేసుకుని రారు.

చివరికి మింగుడు పడనిది, డబ్బు. మనవాళ్ళకి డబ్బు అంకె కాగితం మీద పెట్టాలంటే మొహమాటం. అందుకే "శక్తికొద్దీ", "తోచినంత", "సముచిత సత్కారం" అంటూ తిప్పుతారు. వినేవాళ్ళు వాటిని ఒక్కోలా అర్థం చేసుకుంటారు. "సన్మానం చేస్తాం" అంటే కొందరికి శాలువా, జ్ఞాపిక, అంతే. కొందరికి కవరు కూడా. ఉత్తరంలో "గౌరవ పారితోషికం" అన్న మాట వాడి పక్కనే అంకె రాయండి. 4,000 అయితే 4,000. తక్కువనిపిస్తే "ఇది మీ స్థాయికి చాలదని తెలుసు" అని క్షమాపణలు రాయొద్దు, అవి చదివితే ఆయనే ఇబ్బంది పడతారు, కాదనలేక ఒప్పుకుంటారు. అంకె తెలిస్తే కుదరదని చెప్పే వీలు ఆయనకుంటుంది.

ప్రయాణం ఖర్చు పారితోషికంలో కలపకండి. "అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు మావాడు. అన్నీ అంటే ఏమిట్రా అంటే కారు, భోజనం అన్నాడు. కారు ఎవరు మాట్లాడతారు అంటే తల గోక్కున్నాడు. రెండూ కలిపి 4,000 అన్నారనుకోండి, కారుకి పోను ఆయనకి మిగిలేది ఎంతో ఊహించుకోండి. అలాగే ఎప్పుడు, ఎలా ఇస్తారో కూడా చెప్పాలి. నగదు ఇస్తే రసీదు మీద సంతకం తీసుకోవాలి, 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. కాలేజీ తరఫున పిలిచేవాళ్ళయితే ముందు అకౌంట్స్ వాళ్ళని అడగండి, పన్ను కోత ఏమైనా ఉంటే రాసిన అంకె కోతకు ముందుదో తర్వాతదో ఉత్తరంలోనే తేలాలి.

ఇన్ని తేలాక ఉత్తరం రాయడానికి నాకు పావుగంట పట్టింది. ఇదిగో:

పర్లాకిమిడి,
1 ఆగస్టు 2026.

గౌరవనీయులు ఆచార్య __________ గారికి,

నమస్కారం.

తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా 29 ఆగస్టు 2026, శనివారం ఉదయం 10 గంటలకు పర్లాకిమిడిలో మా సంఘం ఒక సభ జరుపుతోంది. ఆ సభలో "సవర భాషకు గిడుగు రామమూర్తి చేసిన పని" అనే విషయం మీద ప్రసంగించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాం. శీర్షికను మీకు అనువుగా మార్చుకోవచ్చు.

మీ ప్రసంగం 10:45కు మొదలవుతుంది. 40 నిమిషాలు ప్రసంగానికి, 15 నిమిషాలు ప్రశ్నలకు కేటాయించాం. సుమారు 80 మంది వస్తారు. అందరికీ తెలుగు వింటే అర్థమవుతుంది, కానీ ఒడియా మీడియంలో చదివే పిల్లలు చాలామంది తెలుగు చదవలేరు. తెర మీద చూపించేవి ఉంటే రాత తక్కువగా, బొమ్మలు ఎక్కువగా ఉండేలా చూడగలరు.

మీకు గౌరవ పారితోషికంగా రూ. 4,000 (నాలుగు వేల రూపాయలు) సమర్పిస్తాం. సభ ముగిసిన వెంటనే నగదుగా గానీ, మీ బ్యాంకు ఖాతాకు గానీ, మీరు కోరిన విధంగా అందజేస్తాం. ప్రయాణం ఖర్చు దీనికి వేరు. ఆ రోజు ఉదయం 7 గంటలకు శ్రీకాకుళంలో మీ ఇంటికి కారు పంపుతాం, మధ్యాహ్న భోజనం తర్వాత తిరిగి ఇంటి దగ్గర దించుతాం.

మీ అంగీకారాన్ని 8 ఆగస్టు లోపు తెలియజేయగలరు.

భవదీయుడు,
(సంతకం)
కార్యదర్శి
ఫోన్: __________

ఒకటి గమనించండి, "రావాలి" పోయి "ప్రసంగించవలసిందిగా కోరుతున్నాం" వచ్చింది. మిగతాదంతా మనం మాట్లాడుకునే తెలుగే. డబ్బు చివర్లో సిగ్గుపడుతూ లేదు, ప్రయాణంతో పాటు ఒకే పేరాలో ఉంది, మొదటి వాక్యంలోనే అంకె. గడువు ఎందుకు పెట్టానంటే, ఆయన కుదరదంటే ఇంకొకరిని వెతుక్కోవడానికి మూడు వారాలైనా ఉండాలి. మళ్ళీ "చూద్దాం" అంటే అప్పుడు నేనే ఫోన్ చేస్తాను.

పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లోనే పంపాం, పోస్టు ఖర్చు దేనికి. పైన మాత్రం మావాడు రెండే వాక్యాలు రాశాడు: "సార్, నమస్కారం. మీరు అడిగిన ఆహ్వాన పత్రం పంపుతున్నాను." అంతకుముందు పంపినవి చెరిపేయనా అన్నాడు, వద్దన్నాను, ఆయన ఎలాగూ చదివేశారు.

ఇప్పుడు మీ వంతు. రాయగడలో ఒక మహిళా సంఘం నుంచి ఒక డాక్టరమ్మకి వెళ్ళిన మెసేజ్‌లు ఇవి: "మేడమ్ నెక్స్ట్ ఆదివారం మా ఆడవాళ్ళకి షుగర్ గురించి చెప్పాలి", "సాయంత్రం వచ్చేయండి", "ఎక్కువసేపు కాదు", "మీ ఫీజు ఇచ్చేస్తాం", "కొందరికి తెలుగు రాదు, పర్లేదు కదా". ముందు వదులు మాటల కింద గీతలు గీయండి, ఒక్కోదాని పక్కన ఎవరిని ఏమడగాలో రాయండి, ఉత్తరం ఆ తర్వాతే. "మీ ఫీజు" దగ్గర ఆగి ఆలోచించండి, అందులో ఒకటి కాదు రెండు తప్పులున్నాయి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.