పాత మినిట్స్‌ను తీర్మానాల రిజిస్టర్‌గా మార్చాక సభ్యులకు లేఖ ఎలా రాయాలి?

అపార్ట్‌మెంట్ సొసైటీలో కొత్త రిజిస్టర్ తయారైందని కార్యదర్శి చెప్పగానే సభ్యుల్లో కొందరికైనా ఒక అనుమానం వస్తుంది: పాత తీర్మానాలేవైనా మార్చేశారా? లేఖ ముందుగా జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకే. ఆ జవాబు నిజం కావాలంటే రిజిస్టర్‌ను సరిగ్గా కట్టి ఉండాలి కాబట్టి, అక్కడినుంచే మొదలుపెడదాం.

1. అసలును ముట్టుకోకండి

మీ సొసైటీ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉన్నా, 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, సంతకాలున్న మినిట్స్ పుస్తకమే అసలు రికార్డు. రిజిస్టర్ దానికి దారి చూపేది మాత్రమే. పాత పుస్తకంలో కొట్టివేతలు, వైట్‌నర్, పక్కన కొత్త రాతలు ఏవీ వద్దు. పేజీ నంబర్లు లేకపోతే ఫోటోకాపీ మీద వేసుకోండి.

2. తీర్మానాన్ని చర్చ నుంచి విడదీయండి

"చర్చించడమైనది" అని ఆగిపోయింది తీర్మానం కాదు. "తీర్మానించడమైనది", "ఆమోదించడమైనది" అని ఉన్నవాటినే రిజిస్టర్‌లోకి ఎక్కించండి, అదీ ఉన్న మాటల్లోనే. ప్రతిదానికీ వరుస సంఖ్య, తేదీ, సర్వసభ్య సమావేశమా కార్యవర్గమా, పాత పుస్తకం పేజీ, ప్రస్తుత స్థితి రాయాలి. కోరం సంగతి పాత పుస్తకంలో లేకపోతే "నమోదు కాలేదు" అనే రాయండి. హాజరు సంతకాలు లెక్కపెట్టి మీరే నింపితే, అది కార్యదర్శి అభిప్రాయం అవుతుంది.

3. తేలనివాటిని తేలలేదనే రాయండి

అసలు చిక్కు ఇక్కడే. ఒక ఊహా సొసైటీని తీసుకుందాం. 2013లో సర్వసభ్య సమావేశం మెయింటెనెన్స్‌ను చదరపు అడుగుకు 1.75 రూపాయలుగా తీర్మానించింది. 2017లో కార్యవర్గం దాన్ని 2.25 చేసింది. కానీ బైలాల ప్రకారం రేటు పెంచే అధికారం సర్వసభ్య సమావేశానిదే. 2018 సర్వసభ్య సమావేశం మినిట్స్‌లో "మెయింటెనెన్స్ విషయం ఆమోదించడమైనది" అని మాత్రమే ఉంది, అంకె లేదు.

అప్పట్నుంచీ అందరూ 2.25 కడుతున్నారు కదా అని 2018 గడిలో ఆ అంకె వేసేయాలనిపిస్తుంది. వేయకూడదు. ఫ్లాట్ అమ్ముకునే సభ్యుడు నో డ్యూస్ సర్టిఫికెట్ దగ్గర పాత బకాయి మీద పేచీ పెడితే, ఎవరైనా అసలు పుస్తకం తెరిచి చూస్తారు. అక్కడ లేని అంకె రిజిస్టర్‌లో కనబడితే మిగతా పేజీలనూ ఎవరూ నమ్మరు. "రేటు నమోదు కాలేదు, సర్వసభ్య సమావేశం తేల్చాలి" అని స్థితి గడిలో రాసి వదిలేయండి.

4. ఇప్పుడు లేఖ

ఒక్క పేజీ చాలు. "పారదర్శకత కోసం" లాంటి మాటలకంటే, ఏ ఇబ్బంది వల్ల ఈ పని చేశారో చెబితే చదివేవాళ్లకు అర్థమవుతుంది. "సరిదిద్దాం" అనే మాట అసలు వాడకండి. పైన చెప్పిన సొసైటీకైతే లేఖ ఇలా ఉండొచ్చు:

> గౌరవనీయ సభ్యులకు నమస్కారం.
>
> మెయింటెనెన్స్ రేటు ఎప్పుడు, ఎవరు నిర్ణయించారని సభ్యులు అడిగితే మూడు పుస్తకాలు తిరగేయాల్సి వస్తోంది. కొన్నిట్లో తీర్మానాలకు సంఖ్యలు లేవు, కొన్నిట్లో చర్చ, నిర్ణయం కలిసిపోయి ఉన్నాయి. అందుకే 2013 నుంచి జరిగిన తీర్మానాలన్నిటినీ ఒకే పద్ధతిలో రిజిస్టర్‌గా రాయించాం.
>
> ఏ తీర్మానం మాటలూ మార్చలేదు, ఏదీ తీసేయలేదు. కొత్తగా చేర్చినవి వరుస సంఖ్య, పాత పేజీ సంఖ్య, ప్రస్తుత స్థితి మాత్రమే. రెండిటికీ తేడా కనబడితే పాత మినిట్స్ పుస్తకమే ప్రమాణం.
>
> 2018 మెయింటెనెన్స్ తీర్మానంలో రేటు లేదు. దాన్ని మేం నింపలేదు. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో పెడుతున్నాం.
>
> పాత పుస్తకాలు, రిజిస్టర్ రెండూ ఈ నెలాఖరు వరకు సాయంత్రం 6 నుంచి 8 వరకు ఆఫీసులో చూసుకోవచ్చు. అభ్యంతరం ఉంటే తీర్మానం సంఖ్య, పాత పేజీ సంఖ్యతో రాసి ఇవ్వండి.
>
> ఇట్లు, కార్యదర్శి

మూడో పేరా తీసేయమని కమిటీలో ఎవరో ఒకరు అంటారు, ఉన్న టెన్షన్లు చాలవా అని. నా మాటగా చెబితే, లేఖకు నమ్మకం తెచ్చేది ఆ పేరాయే.

5. పంపాక

లేఖను నోటీసు బోర్డులో పెట్టి, వాట్సాప్ గ్రూపులోనూ వేయండి. రిజిస్టర్ ఫోటోలు మాత్రం గ్రూపులో వద్దు, పాత తీర్మానాల్లో బకాయిదారుల పేర్లు ఉంటాయి. వేరే ఊళ్లో ఉండే ఓనర్లకు ఈమెయిల్ చేయండి. వచ్చిన అభ్యంతరాలను తేదీ వేసి ఫైలు చేసి, జవాబు రాతపూర్వకంగానే ఇవ్వండి. తర్వాత సర్వసభ్య సమావేశంలో రిజిస్టర్‌ను "పాత మినిట్స్‌కు సూచికగా" ఆమోదింపజేయండి. ఆ మూడు మాటలు తీర్మానంలో ఉండాల్సిందే. లేకపోతే పాత తీర్మానాలన్నిటికీ కొత్తగా ఆమోదముద్ర వేసినట్టు రేపు ఎవరైనా వాదించొచ్చు.