ఫొటోలోని ప్యాకింగ్ చదవడం – 3వ పాఠం: పేరు కనబడని మడమల క్రీము

పోయిన పాఠంలో చిరుతిళ్ల ప్యాకెట్ మీది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు నంబరు పట్టుకుని తయారీదారు దాకా వెళ్లాం. ఒంటికి రాసుకునే వాటి మీద ఆ నంబరు ఉండదు. ఇక్కడ మనకు ఆధారం రెండే: బార్‌కోడ్, పదార్థాల జాబితా. మొదటిది అది ఏ సరుకో చెబుతుంది. రెండోది దాని బదులు ఏది కొనవచ్చో చెబుతుంది. ఈ పాఠమంతా ఒకే ట్యూబు మీద నడుస్తుంది.

ట్యూబు చిత్తూరులో ఉండే మా పిన్నమ్మది. జర్మనీలో ఉన్న కూతురు తెచ్చిపెట్టింది. మడమల పగుళ్లకు రోజూ రాత్రి రాసుకుంటుంది. అది అయిపోవస్తుంటే రెండు ఫొటోలు పంపి, "మీ తిరపతిలో యాడన్నా ఇట్లాంటిది దొరుకుతుందేమో చూడు నాయనా" అంది. మొదటి ఫొటోలో కంపెనీ పేరు మీద ఆమె బొటనవేలు ఉంది. దాని కింద `25 % Urea` అనీ, ఇంకా కింద `Schrunden` అనీ అక్షరాలు, ఆ తర్వాత మాట ట్యూబు వంపులోకి పోయింది. రెండో ఫొటో వెనకవైపుది. జాబితా చదవొచ్చు, బార్‌కోడ్ ఎడమ అంచు మాత్రం తెగిపోయింది.

ఇలాంటప్పుడు చాలామంది ముందువైపు రంగునూ బొమ్మనూ పట్టుకుని వెతుకుతారు. ఒకే కంపెనీ ఒకే రంగు ట్యూబులో 10 శాతంది, 25 శాతంది రెండూ అమ్మవచ్చు, డబ్బా రూపం ఏటేటా మార్చవచ్చు. అందుకే నేను ముందువైపు నుంచి తీసుకునేవి ఆ సరుకు దేనికోసమో చెప్పే మాట, శాతం మాత్రమే. `Schrunden` అనేది జర్మన్ మాట, చర్మం మీది పగుళ్లు అని అర్థం. అంటే ఇది మామూలు పాదాల క్రీము కాదు, పగుళ్ల కోసమే చేసింది. భాష తెలియకపోయినా కనబడే అక్షరాలను ఒక్కొక్కటిగా అలాగే టైపు చేసి వెతకండి. సగం మాటతోనే దారి దొరుకుతుంది.

ఇప్పుడు బార్‌కోడ్. గీతలతో పాటు మొత్తం 13 అంకెలుంటాయి. వాటిలో మొదటి అంకె గీతల కింద ఉండదు, గీతలకు ఎడమవైపు బయట విడిగా నిలబడి ఉంటుంది. అందుకే ఫొటో కత్తిరించినప్పుడు ఎక్కువగా పోయేది అదే. పిన్నమ్మ ఫొటోలోనూ అదే పోయింది. అయితే పోయిన ఒక్క అంకెను మిగతా 12 అంకెలతో తిరిగి రాబట్టవచ్చు, ఎందుకంటే చివరి అంకె సరిచూడడానికే పెట్టింది. ఎడమ నుంచి 1, 3, 5, 7, 9, 11, 13 స్థానాల్లోని అంకెలను అలాగే కూడాలి. 2, 4, 6, 8, 10, 12 స్థానాల్లోని వాటిని కూడి మూడుతో హెచ్చవేయాలి. రెండు మొత్తాలూ కలిపితే చివర సున్నా రావాలి.

ఆ ట్యూబు అసలు నంబరు బదులు లెక్క తేలిగ్గా కనబడేలా వరస అంకెలు వేస్తున్నాను:

```
? 001234567891
సరి స్థానాలు: (0+1+3+5+7+9) x 3 = 75
బేసి స్థానాలు: ? + 0+2+4+6+8+1 = ? + 21
మొత్తం: 96 + ?
```

96కు ఎంత కలిపితే చివర సున్నా వస్తుంది? 4. కాబట్టి పోయిన అంకె 4. పూర్తి నంబరు `4001234567891`.

మొదటి మూడు అంకెలు 400. జర్మనీ సంస్థలకు 400 నుంచి 440 దాకా ఇస్తారు, మన దేశానికి 890, దక్షిణ కొరియాకు 880, థాయ్‌లాండ్‌కు 885. ఈ అంకెలు చెప్పేది కంపెనీ ఏ దేశంలో నంబరు తీసుకుందో మాత్రమే. సరుకు అక్కడే తయారైందని అర్థం కాదు. 890 ఉన్న డబ్బా బయటి దేశంలో తయారై ఉండవచ్చు. మనవాళ్లలో ఈ పొరపాటు బాగా పాకిపోయింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. తయారైన చోటు కావాలంటే దాన్ని మాటల్లో రాసిన వరస వెతకాలి.

పూర్తి నంబరు చేతికొచ్చాక దాన్ని వెతుకుడు పెట్టెలో టైపు చేయండి. దొరకకపోతే `Open Beauty Facts`లో చూడండి. తినే వాటికి `Open Food Facts` ఉంది. రెండూ జనం నింపే జాబితాలు కాబట్టి అన్నీ ఉండవు, ఉన్నదానిలోనూ జాబితా పాతది కావచ్చు. అందుకని దొరికిన పేజీలోని పదార్థాలను ఫొటోలోని పదార్థాలతో వరస తప్పకుండా పోల్చండి. పేరు ఒకటే అయి జాబితా వేరుగా ఉంటే మీ చేతిలో ఉన్న ఫొటోనే నమ్మాలి. ఇంకో మాట. రెండు అంకెలు పోతే ఈ లెక్కకు ఒకటికి మించి జవాబులు వస్తాయి. అప్పుడు మళ్లీ ఫొటో అడగడమే మంచిది. పగటి వెలుతురులో, గడప దగ్గర నీడలో, ఫ్లాష్ లేకుండా తీయమనండి. ట్యూబును కొంచెం కొంచెం తిప్పుతూ మూడు తీసి, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. ఫొటోగా పంపితే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

ఇక అసలు పని, బదులు వెతకడం. పిన్నమ్మ ట్యూబు వెనక ఉన్నది ఇది:

```
Aqua, Urea, Glycerin, Paraffinum Liquidum,
Cetearyl Alcohol, Sodium Lactate, Phenoxyethanol,
Panthenol, Tocopherol, Parfum
```

ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక. యూరప్‌లోనూ మన దేశంలోనూ నియమం ఇదే. కానీ 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని చివర ఏ వరసలోనైనా రాయవచ్చు. ఆ గీత ఎక్కడ పడుతుందో లేబుల్ మీద ఉండదు. దాన్ని పట్టడానికి నేను వాడే గుర్తు ఫినాక్సీఇథనాల్. ఇది క్రీము చెడకుండా వేసేది, నియమాల ప్రకారం 1 శాతం దాటకూడదు. కాబట్టి దాని తర్వాత ఉన్నవన్నీ 1 శాతం లోపే. ఈ ట్యూబు ముందువైపు ఆకు బొమ్మ వేసి పాంథినాల్ అని పెద్దగా రాశారు. జాబితాలో అది ఫినాక్సీఇథనాల్ వెనక ఉంది. బదులు వెతికేటప్పుడు దాన్ని వదిలేయవచ్చు. పని చేస్తున్నది రెండో స్థానంలో ఉన్న యూరియా. దానికి తోడు గ్లిజరిన్, లాక్టేట్ తేమను పట్టి ఉంచుతాయి, ద్రవ పారాఫిన్ ఆ తేమ ఆరిపోకుండా పైన పొరలా కప్పుతుంది. సెటిరిల్ ఆల్కహాల్ పేరు చూసి బెదరవద్దు. అది మైనంలాంటి కొవ్వు పదార్థం, చర్మాన్ని ఎండబెట్టే స్పిరిట్ కాదు.

యూరియా అనగానే చేనికి చల్లేది గుర్తొస్తుంది. పదార్థం ఒకటే, శుద్ధి వేరు. ఎరువు బస్తాలోంచి గుప్పెడు తీసి కొబ్బరినూనెలో కలిపి కాళ్లకు రాయవద్దు. చర్మంలో సహజంగానే కొంత యూరియా ఉంటుంది, అది నీటిని పట్టి ఉంచుతుంది. క్రీములో సుమారు 10 శాతం దాకా ఉంటే ముఖ్యంగా తేమకు పనికొస్తుంది. 20 గానీ అంతకు మించి గానీ ఉంటే గట్టిపడిన తోలును మెత్తబరిచి ఊడేలా చేస్తుంది. ఈ తేడా తెలియకపోతే బదులు దొరికినా అక్కర తీరదు.

తిరుపతిలో మందుల షాపుకెళ్లి పేరు చెప్పకుండా "యూరియా క్రీము చూపించండి" అని అడగండి. వచ్చినవాటిలో రెండు రకాల లేబుళ్లు కనబడతాయి. కాస్మెటిక్‌గా అమ్మేదాని మీద జాబితా మొత్తం ఉంటుంది, శాతాలు ఉండకపోవచ్చు. మందుగా అమ్మేదాని మీద యూరియా ఇంత శాతం, లాక్టిక్ ఆమ్లం ఇంత శాతం అని ఉంటుంది గానీ, మిగతాదంతా `Cream base q.s.` అనే ఒక్క మాటలో పోతుంది. చివర ఉన్న `q.s.`కు సరిపడినంత అని అర్థం. అంటే ఒకదానిలో వరస తెలుస్తుంది, మరోదానిలో మోతాదు తెలుస్తుంది. మడమల విషయంలో నాకు మోతాదే ముఖ్యం, కాబట్టి రెండో రకాన్నే ఎంచుతాను. సువాసన పడనివాళ్లయితే పూర్తి జాబితా ఉన్న మొదటి రకమే చూసుకోవాలి.

పిన్నమ్మకు 25 శాతందే కావాలని వెతకలేదు. ఆమె మడమల ఫొటో అడిగి చూస్తే గట్టి తోలు అప్పటికే పోయింది, పొడిదనం మాత్రం ఉంది. ఇక రోజువారీ వాడకానికి లాక్టిక్ ఆమ్లం కలిసిన 10 శాతం యూరియా క్రీము చాలు. మడమలు ఇంకా మందంగా ఉంటే 20 శాతంది అడిగేదాన్ని. అలిపిరి నుంచి 3550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కివచ్చి, పగుళ్లలో రక్తం కనబడుతున్నవాళ్లు మాత్రం అవి మానేదాకా యూరియా రాయకూడదు, బాగా మండుతుంది. షుగరు ఉండి పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు ఏ శాతందైనా సొంతంగా ఎంచుకోవద్దు, డాక్టరు పాదాలు చూసిన తర్వాతే.

షాపులో జరిగే ఒక పొరపాటు ప్రాణాంతకం కాకపోయినా చర్మానికి చాలా చేటు. "ఇది కూడా అదే, ఇంకా గట్టిగా పనిచేస్తుంది" అంటూ చేతిలో పెట్టే ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఇవి స్టెరాయిడ్లు. సాలిసిలిక్ ఆమ్లంతో కలిపి వచ్చేవీ ఉన్నాయి, అందుకే యూరియా క్రీముల పక్కన సులువుగా కలిసిపోతాయి. డాక్టరు చీటీ మీదనే అమ్మాల్సిన మందుకు `Rx` గుర్తు, ఎర్ర గీత ఉంటాయి. ఊరికే నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. పొడిబారిన మడమకు ఇవి బదులు కానే కావు. పక్క షాపులో అడగండి.

వచ్చే పాఠానికి రెండు లెక్కలు. మొదటిది, ఈ కల్పిత నంబరులో మాసిపోయిన అంకె కనుక్కోండి. ఈసారి అది సరి స్థానంలో ఉంది, కాబట్టి మూడుతో హెచ్చవేయడం మరవకండి:

```
8905172?46314
```

రెండోది, ముందువైపు "యూరియా మడమల సంరక్షణ" అని పెద్ద అక్షరాలున్న ఒక ట్యూబు వెనక ఈ వరస ఉందనుకోండి. పిన్నమ్మకు ఇది ఇవ్వవచ్చా, ఎందుకు?

```
Aqua, Glycerin, Stearic Acid, Paraffinum Liquidum,
Phenoxyethanol, Urea, Parfum
```

4వ పాఠంలో జవాబులతో పాటు, నూనె మరకలు పడి చిరిగిన చిరుతిళ్ల కవరు మీద పోషకాల పట్టిక చదవడం చూద్దాం.