పొడుగు మాటను ఒక్క వాక్యంలో తిరిగి చెప్పడం (మూడో పాఠం: పడుగు వేయకముందే)

పోయిన రెండు పాఠాల్లో ఎదుటివాళ్ల మాటను మధ్యలో ఆపకుండా వినడం, విన్నది రాసుకోవడం చూశాం. ఈసారి రాసుకున్న దాన్ని ఒక్క వాక్యంగా కుదించి, పని మొదలుపెట్టకముందే వాళ్లకు పంపడం నేర్చుకుందాం. ఉదాహరణకు వరంగల్ కొత్తవాడకు, జంపఖానాలు నేసే మగ్గాల దగ్గరికి పోదాం. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ డర్రీలు ఇవే. ఆర్డరు మాత్రం నేను ఈ పాఠం కోసం కల్పించింది.

మీరు అక్కడ ఆర్డర్లు తీసుకునే మనిషి అనుకోండి. జనగామ నుంచి ఒక ఫంక్షన్ హాల్ యజమాని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు:

"అన్నా, మన హాల్ల జంపఖానాలన్నీ చినిగిపోయినయి. పోయినసారి తెచ్చినవి పలుచగుండె, కుర్చీలు జరిపితే ముడుచుకుంటుండె. ఎర్రయి మంచిగుంటయి గని మా ఇంటామె నీలం అంటాంది. హాలు నలభై అడుగుల వెడల్పు, అరవై పొడుగు. స్టేజి ముందట పదిహేనడుగులు ఇడిచిపెట్టాలె, ఆడ వేరే కార్పెట్ ఉన్నది. భోజనాల కాడ వద్దు. దొడ్డుగుండాలె, గని ఇద్దరు పిలగాండ్లు ఎత్తి మడతపెట్టేటట్టుండాలె. మాఘమాసం లోపట కావాలె. రేటు జూసి చెప్పు."

చాలామంది దీనికి పంపే జవాబు ఇలా ఉంటుంది: "ఎర్ర జంపఖానాలు, దొడ్డువి, మాఘమాసం లోపు. సరేనా అన్నా?" అవతలి నుంచి "ఆఁ, సరే" అని వస్తుంది. ఆ సరేతో ఏమీ తేలలేదు. ఆయన మాటల్నే ఆయనకు తిరిగి ఇచ్చాం, కాదనడానికి అందులో ఏమీ లేదు. పైగా ఎరుపు అని మనమే తేల్చేశాం. ఆ ఇంట్లో అది ఇంకా తేలలేదు.

వాక్యం కట్టేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పనిలో ఏ మెట్టు దాటితే వెనక్కి రాలేం? జంపఖానాకు అది పడుగు వేయడం. నిలువు దారాలు మగ్గానికి ఎక్కాయంటే వెడల్పు ఖాయమైపోయినట్టే. 8 అడుగులకు వేసిన పడుగు మీద 10 అడుగుల జంపఖానా రాదు. ఎన్ని జంపఖానాలు, ఎంత పొడుగు అనేది తెలియనిదే పడుగు పొడవు కూడా లెక్కకు అందదు. రంగు సంగతి వేరు. జంపఖానాలో అడ్డంగా నేసే పేక దారం పడుగును పూర్తిగా కప్పేస్తుంది, పైకి కనిపించే రంగంతా పేకదే. కాబట్టి ఎరుపా నీలమా అన్న తగువు పడుగు వేసేదాకా తెగకపోయినా నష్టం లేదు, పేక నూలు అద్దకానికి పోయేలోపు తెగితే చాలు. ఏది వాక్యంలోకి రావాలి, ఏది పక్కన ఆగవచ్చు అన్నది ఇలా పని తెలిసినవాడికే తెలుస్తుంది. అవతలివాళ్లు దేన్ని ఎక్కువసేపు చెప్పారన్నది కొలత కాదు. రంగు గురించి ఇంట్లో గంటసేపు మాట్లాడుకుని ఉంటారు, మనకు మాత్రం అది రెండో వారం పని.

ఇక లెక్క. 60 అడుగుల పొడుగులో స్టేజి ముందు 15 పోతే 45 మిగులుతుంది. మన మగ్గం మీద 8 అడుగుల వెడల్పు వస్తుందనుకుందాం. 8×15 అడుగుల జంపఖానాలైతే అడ్డంగా 5, నిలువుగా 3, మొత్తం 15 పడతాయి. ఆయన మెసేజ్‌లో ఈ 15 అనే అంకె ఎక్కడా లేదు. అందుకే దాన్ని వాక్యంలో పెట్టాలి. మనం ఊహించుకున్నది ఆయన కంటికి కనబడాలి.

మాఘమాసం లోపట అంటే ఎప్పుడు? మాఘం మొదలయ్యేలోపా, ముగిసేలోపా? పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, ముహూర్తాలు మాఘంలో మొదలవుతాయి. హాలు వాళ్లకు సరుకు మొదటి ముహూర్తానికే కావాలి కాబట్టి పుష్య అమావాస్యే గడువు అనుకోవడం న్యాయం. అయినా తేదీ మన ఊహే కనుక దాన్నీ రాయాలి. (మేడారం జాతర ఏడాదైతే ఇంకో వారం ముందుకు జరుపుకోండి. మాఘ పౌర్ణమి దగ్గరపడితే ఇటు దిక్కు బండ్లు దొరకడం కష్టం.)

దొడ్డు అనే మాట ఒక్కో చేతికి ఒక్కో తీరు. దాన్ని ఆయన చెప్పిన అవసరానికి, చూపించగల నమూనా ముక్కకు ముడిపెట్టాలి. ఇప్పుడు వాక్యం:

"అన్నా, కుర్చీలు జరిపినా ముడుచుకోకుండా, ఈ ఫోటోలోని నమూనా ముక్కంత దొడ్డుగా, 8×15 అడుగుల జంపఖానాలు 15, స్టేజి ముందు 15 అడుగులు వదిలి హాలంతా నిండేటట్టు, పుష్య అమావాస్య లోపు జనగామకు చేర్చాలి, రంగు తర్వాత చెప్తారు అని నాకర్థమైంది; ఇందులో ఏది తప్పు?"

చివర "సరేనా" అని అడగలేదు, చూడండి. సరేనా అంటే మర్యాదకైనా సరే అంటారు. ఏది తప్పు అంటే మళ్లీ ఒకసారి చదువుతారు.

జవాబు వచ్చింది: "హాలంత నింపుతె ఎట్లనే? నడిమిట్ల ఎనిమిదడుగులు తొవ్వ ఇడువాలె, పెండ్లిపిల్ల నడిచొచ్చేకాడ ఎర్ర తివాచీ పరుస్తం గద."

గద అట! మెసేజ్‌లో ఆ తొవ్వ ఊసే లేదు. ఆ హాలులో రోజూ తిరిగే మనిషికి అది చెప్పాల్సిన సంగతిగా తోచదు. "హాలంతా నిండేటట్టు" అని మనం తెగించి రాసిన మాటే దాన్ని బయటికి లాగింది. ఇప్పుడు 40 అడుగుల వెడల్పులో 8 పోయి 32 మిగిలింది. అడ్డంగా 4, నిలువుగా 3, మొత్తం 12. మూడు జంపఖానాల నూలు, కూలి మిగిలాయి. మార్చిన వాక్యాన్ని ఇంకోసారి పంపండి, రేటు దాని కిందే రాయండి. జవాబు రాకముందు నూలు తెప్పించుకోవచ్చు, వేరే ఆర్డరుకైనా పనికొస్తుంది. పడుగు మాత్రం వేయవద్దు.

ఈ వాక్యం కొలతల చీటీకి బదులు కాదు. అంచు గీతలు, బండి కిరాయి, అడ్వాన్సు అన్నీ చీటీలోకి పోతాయి. వాక్యంలోనే అన్నీ కుక్కితే ఆయన చదవకుండానే సరే అంటాడు. ఎంత కుదించినా ఒక్క వాక్యంలో ఇమడకపోతే చాలాసార్లు అందులో రెండు పనులున్నట్టు. హాలుకు జంపఖానాలతో పాటు గుడికి చిన్నవి ఉగాదికి కావాలని అదే మెసేజ్‌లో అన్నాడనుకోండి, వాటి కొలత వేరు, గడువు వేరు, పడుగు వేరు. రెండు వాక్యాలు రాసి విడివిడిగా పంపండి.

అభ్యాసం. మీరు హనుమకొండలో డీటీపీ పని చేస్తారు. బడి నుంచి ఒక సారు ఫోన్‌లో ఇలా చెప్పాడు:

"వార్షికోత్సవానికి పుస్తకం వెయ్యాలె తమ్మీ. ఫోటోలు మస్తున్నయి, అన్నీ రావాలె. పోయినేడు మరీ లావైంది, ఎవ్వరు చదువలె. పిల్లల పద్యాలు తెలుగుల ఉన్నయి, కొన్ని ఉర్దూల గూడ. కలర్ల అయితే మంచిగుంటది గని పైసలు తక్కువున్నయి. ముఖ్య అతిథి చేతుల స్టేజి మీద పెట్టాలె. మిగతయి తల్లిదండ్రులకు."

ఆఫ్‌సెట్ ప్లేట్లు చేశాక ఇక్కడ ఏవేవి మార్చలేమో ముందు గీత గీయండి. ఆయన చెప్పని అంకెలు కనీసం రెండున్నాయి, వాటికి మీ ఊహ రాయండి. "అన్నీ రావాలె", "లావైంది" అనే మాటలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి, మీ వాక్యం ఏదో ఒక పక్క నిలబడాలి. స్టేజి మీదిది, తల్లిదండ్రులది ఒకే పుస్తకమా అన్నది కూడా చూసుకోండి. నేను రాసిన వాక్యం నాలుగో పాఠం మొదట్లో ఉంటుంది.