డిపాజిట్ మెషిన్ నోట్లు మింగింది, అకౌంట్‌లో పడలేదు: బ్రాంచ్‌తో ఎలా తేల్చుకోవాలి?

మొన్న ఎండాకాలంలో మా బావ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకొని, అడ్తి దగ్గర తీసుకున్న పైసల్లోంచి ₹38,500 పట్టుకొని హనుమకొండలో ఒక బ్యాంకు క్యాష్ డిపాజిట్ మెషిన్ దగ్గరికి పోయాడు. నోట్లు పెట్టాడు, మెషిన్ గరగర లెక్కపెట్టింది, తెర మీద అంకెలు వచ్చాయి, సరే అని నొక్కాడు. అంతే, కరెంటు పోయింది. స్లిప్ లేదు, మెసేజ్ లేదు, నోట్లు బయటికి రాలేదు. టైము సాయంత్రం 6:52. పైగా అది రెండో శనివారం, అంటే మళ్లీ బ్రాంచ్ తెరిచేది సోమవారమే. నాకు ఫోన్ చేసి "బామ్మర్దీ, పైసలు పోయినట్టేనా?" అన్నాడు.

పోలేదు. ఆరు రోజులకు మొత్తం వచ్చాయి. కానీ మధ్యలో ₹500 తక్కువతో సరిపెట్టుకోవాల్సిన పరిస్థితి కొద్దిలో తప్పింది. ఎందుకు తప్పిందో అర్థం కావాలంటే ముందు ఆ డబ్బాలో ఏం జరుగుతుందో తెలియాలి.

మీరు పెట్టిన నోట్లు నేరుగా క్యాష్ పెట్టెల్లో పడవు. మెషిన్ ఒక్కో నోటును చూసి, నచ్చనివి వెనక్కి తోసి, మిగతావాటిని లోపల ఒకచోట తాత్కాలికంగా ఆపుతుంది. అప్పుడే తెర మీద ఐదువందలవి ఎన్ని, రెండువందలవి ఎన్ని అని చూపిస్తుంది. మీరు ఒప్పుకున్నాక బ్యాంకు సర్వర్‌కి కబురు పోతుంది, అక్కడి నుంచి సరే అని జవాబు వస్తే లావాదేవీ పూర్తయినట్టు. నోట్లు పెట్టెల్లోకి, అంకె మీ అకౌంట్‌లోకి. ఈ మధ్యలో కరెంటు పోయినా, నెట్‌వర్క్ తెగినా, నోటు రోలర్‌లో ఇరుక్కున్నా, నోట్లు లోపలే ఉంటాయి కానీ ఖాతా లెక్కలోకి ఎక్కవు. అంటే ఆ మెషిన్‌లో ఉండాల్సిన దానికంటే క్యాష్ ఎక్కువ ఉంటుంది. మీ కేసు మొత్తం ఈ "ఎక్కువ" మీదే నడుస్తుంది. బ్రాంచ్ వాళ్లు మిమ్మల్ని నమ్మారా లేదా అన్నది పెద్ద విషయం కాదు. వాళ్లకు దొరికిన ఎక్కువ మీదేనని కలిపి చూసుకునేలా వివరాలు ఇచ్చారా లేదా అన్నదే విషయం.

మెషిన్ దగ్గరే చేయాల్సినవి

వెంటనే వెళ్లిపోకండి. కరెంటు వచ్చి మెషిన్ మళ్లీ మొదలయ్యేటప్పుడు నోట్లను లోపలి వేరే పెట్టెలోకి లాగేసుకోవచ్చు, లేదా మూత తెరిచి బయటికి ఇవ్వొచ్చు. మీరు అప్పటికే బండి ఎక్కి పోయి ఉంటే ఆ నోట్లు మీ వెనక వచ్చినవాడి చేతిలో పడతాయి. మా బావను నేను అక్కడే నిలబడమన్నాను, పావుగంటకు మెషిన్ లేచి "తాత్కాలికంగా పనిచేయడం లేదు" అని చూపించి ఊరుకుంది, నోట్లు బయటికి రాలేదు.

ఈలోగా ఫోన్ తీసి తెరను, మెషిన్ మీద అంటించిన స్టిక్కర్‌ను ఫోటో తీయండి. ఆ స్టిక్కర్ మీద మెషిన్ ఐడీ ఉంటుంది, చాలా చోట్ల ఏ బ్రాంచ్‌దో కూడా ఉంటుంది. స్లిప్ వస్తే, దాని మీద లావాదేవీ ఫెయిల్ అని ఉన్నా సరే, పారేయకుండా దాచండి. అది వేడికి ముద్ర పడే కాగితం, జేబులో రెండు వారాలు ఉంటే అక్షరాలు చెరిగిపోతాయి, కాబట్టి దానికీ ఒక ఫోటో.

అన్నిటికంటే ముఖ్యమైంది నోట్ల లెక్క. మరిచిపోకముందే ఒక చీటీ మీద రాసుకోండి. మా బావది ఇలా ఉంది: ₹500 నోట్లు 70, అంటే 35,000. ₹200 నోట్లు 17, అంటే 3,400. ₹100 నోటు 1. మొత్తం 88 నోట్లు, ₹38,500. అడ్తి దగ్గర ఎంచుకున్న లెక్కే కాబట్టి గుర్తుంది. అదే రోజు అదే మెషిన్‌లో ఇంకెవరి నోట్లయినా ఇరుక్కుంటే, ఎవరివి ఎన్నో విడదీసేది ఈ చీటీలోని అంకెలే.

ఆ రాత్రే ఫిర్యాదు నంబరు తీసుకోండి

బ్రాంచ్ మూసి ఉన్నా కస్టమర్ కేర్ ఉంటుంది. నంబరు మెషిన్ మీద గానీ, మీ డెబిట్ కార్డు వెనక గానీ ఉన్నదే వాడండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయొద్దు, అలాంటి నంబర్లు పెట్టుకొని కూర్చున్న దొంగలు మీ దగ్గర ఓటీపీ అడుగుతారు. డిపాజిట్ ఫిర్యాదుకు ఓటీపీ, పిన్ ఏదీ చెప్పాల్సిన పని లేదు.

మా బావ ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకున్నాడు. దాంతో లాభం ఏమిటంటే, శనివారం రాత్రే తెలియజేశామని బ్యాంకు సొంత రికార్డులోనే ఉండిపోతుంది. అకౌంట్ స్టేట్‌మెంట్ మాత్రం మర్నాడు ఒకసారి తీసి చూడండి. మెసేజ్ రాకపోయినా ఒక్కోసారి డబ్బు ఆలస్యంగా జమ అయి ఉంటుంది. ఇంకో మాట, ఆ పైసలు వస్తాయని సోమవారం ఈఎంఐ పెట్టుకొని ఉంటే వేరే దగ్గర సర్దుకోండి, తేలేసరికి రోజులు పడతాయి.

బ్రాంచ్‌లో ఇచ్చే కాగితం

మెషిన్ ఏ బ్రాంచ్‌దో అక్కడికే పోవడం మంచిది, మీ అకౌంట్ పరకాలలో ఉన్నా సరే, ఎందుకంటే లెక్క సరిచూసేది వాళ్లే. బ్యాంకే వేరైతే మాత్రం మీ కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి, అటు బ్యాంకును అడిగే పని వాళ్లు చేస్తారు. మాటలతో చెప్పి రావద్దు. తెలుగులో రాసినా చాలు, కానీ రెండు కాపీలు ఉండాలి, మీ కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. మేం రాసింది దాదాపు ఇది:

"మేనేజర్ గారికి, ఫలానా తేదీ సాయంత్రం 6:52కి మీ మెషిన్‌లో (ఐడీ ఫలానా) నా ఖాతాకు ₹38,500 వేశాను. ₹500 నోట్లు 70, ₹200 నోట్లు 17, ₹100 నోటు 1. లెక్క తెర మీద కనిపించింది, ఒప్పుకున్నాక కరెంటు పోయింది, స్లిప్ రాలేదు, నోట్లు తిరిగి రాలేదు. ఫిర్యాదు నంబరు ఫలానా. మెషిన్ లాగ్, క్యాష్ లెక్క సరిచూసి జమ చేయగలరు. 6:40 నుంచి 7:15 వరకు సీసీటీవీ రికార్డింగ్ భద్రపరచగలరు."

సీసీటీవీ వాక్యం తప్పకుండా ఉండాలి. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతూనే ఉంటుంది, ఎవరూ అడగకపోతే చెరిగిపోతుంది. అయితే దాని మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మీరు నోట్లు పెట్టినట్టు, తిరిగి తీసుకోనట్టు అందులో కనిపిస్తుంది, ఎన్ని పెట్టారో మాత్రం కనిపించదు.

లోపల వాళ్లు చూసేది

రెండు చూస్తారు. ఒకటి మెషిన్ రాసుకునే లాగ్, బ్యాంకు వాళ్లు ఈజే అంటారు. మీరు కార్డు పెట్టినప్పటి నుంచి నోట్ల లెక్క, సర్వర్‌కి పంపిన కబురు, ఎక్కడ ఆగిపోయింది, అన్నీ టైముతో సహా అందులో ఉంటాయి. రెండోది మెషిన్ తెరిచి క్యాష్ ఎంచడం. ఇది ఒక్కరు చేసే పని కాదు, ఇద్దరు కలిసి తెరవాలి, కొన్నిచోట్ల బయటి ఏజెన్సీ వాళ్లు రావాలి, అందుకే ఒక రోజో రెండు రోజులో పడుతుంది. కౌంటర్లో కూర్చున్న మేడమ్ మీద అరిస్తే అది తొందరగా తెరుచుకోదు.

మంగళవారం తెరిచారు. ఎక్కువ దొరికింది ₹38,000. మేనేజర్ సార్ "ఇంతే ఉంది, మీరే ఒక నోటు తక్కువ పెట్టి ఉంటారు" అన్నాడు. మా బావ సరే అనబోతుంటే నేను ఒకటే అడిగాను: "సార్, లాగ్‌లో మెషిన్ ఎన్ని నోట్లు ఎంచింది?" చూస్తే 88. మేం కాగితం మీద రాసిందీ 88, లోపల దొరికినవి 87. మెషిన్ తానే 88 అని ఎంచి ఉంటే, ఆ ఒక్కటి మా జేబులో ఉండే వీలు లేదు కదా. ఇంజనీరును పిలిపించారు, గురువారం రోలర్ దగ్గర ముడతలు పడి ఇరుక్కున్న ₹500 నోటు బయటపడింది. శుక్రవారం ₹38,500 ఒకేసారి జమ అయ్యాయి.

సున్నా కాదు, తక్కువ పడితే

ఇది కొంచెం చిక్కు. రెండు నోట్లు అతుక్కొని ఒకటిగా పోతే, మీరు ఒప్పుకున్న అంకె ప్రకారమే జమ అవుతుంది, అప్పుడు లాగ్ కూడా బ్యాంకు వైపే మాట్లాడుతుంది. అయినా లోపల ఆ నోటు ఎక్కువగా తేలితే మీకు రావాలి, కాబట్టి పైన చెప్పినట్టే కాగితం ఇవ్వండి. ఎక్కువ ఏమీ తేలకపోతే, కట్ట కట్టేటప్పుడు మీరే తప్పు ఎంచి ఉండొచ్చు, ఆ కేసు నిలవదు. దీనికి మందు ముందే ఉంది: తెర మీద లెక్క వచ్చినప్పుడు మీ చీటీతో కలవకపోతే ఒప్పుకోకుండా రద్దు నొక్కండి, నోట్లు తిరిగి ఇచ్చేస్తుంది. వెనక లైన్ ఉంది కదా అని చూడకుండా నొక్కేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు.

"ఎక్కువ ఏమీ లేదు" అని పంపేస్తే

నోటి మాట ఒప్పుకోవద్దు. ఫిర్యాదు ఎందుకు కొట్టేశారో రాసి ఇమ్మనండి, మీ లావాదేవీ లాగ్ ఏం చెబుతుందో, ఆ మెషిన్ క్యాష్ ఏ రోజు ఎంచారో అందులో ఉండాలని అడగండి. అది పట్టుకొని బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉండే నోడల్ అధికారికి రాయండి. మొదటి ఫిర్యాదు నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టొచ్చు, రుసుము లేదు. ఫారం నింపడంలో ఇబ్బంది ఉంటే 14448కి ఫోన్ చేయండి.

ఒక చిన్న జాగ్రత్త. "ఐదు రోజులు దాటితే రోజుకు ₹100 ఇవ్వాలి" అని వాట్సాప్‌లో తిరిగే మాట పట్టుకొని బ్రాంచ్‌లో గొడవకు దిగకండి. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఆ నియమంలో ఏటీఎం గురించి రాసింది, అకౌంట్‌లో కట్ అయి నోట్లు రాకపోయిన సందర్భానికి. మనది దానికి తలకిందులు. ఆలస్యానికి పరిహారం అడగాలంటే ఆ బ్యాంకు సొంత పరిహార విధానం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది, దాన్ని చదివి, ఆ పేరా ప్రింట్ తీసి అడగండి.