అరంగుళం అంటే ఏ అరంగుళం? అమెరికాలో షవర్ బిగించుకునేవారికి

కిందటి నెలలో డల్లాస్ దగ్గర కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్న ఒక తమ్ముడు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్న హ్యాండ్ షవర్‌ను బాత్‌రూమ్‌లో బిగించాడట. "అన్నా, అదీ అరంగుళమే, ఇదీ అరంగుళమే. చేత్తోనే నాలుగు చుట్లు చక్కగా ఎక్కింది. అయినా కారుతూనే ఉంది. ఇంకాస్త గట్టిగా తిప్పమంటావా?" అని అడిగాడు. ఆ చివరి మాట వినగానే, "తిప్పకు, ముందు చెయ్యి తీసెయ్" అని కాస్త కటువుగానే అనవలసి వచ్చింది. ఎందుకంటే, ఇక్కడికి వచ్చిన రెండో నెలలో నేను ఇంకాస్త గట్టిగా తిప్పినవాణ్ణే. మూడు వారాల తరవాత కింది అంతస్తువారి పైకప్పు మీద పసుపు మరక తేలింది. ఖాళీ చేసేటప్పుడు నా డిపాజిట్టులో సగానికి పైగా ఆ మరకకే పోయింది.

అసలు చిక్కు "అరంగుళం" అన్న మాటలోనే ఉంది. గోడలోంచి వంగి బయటికి వచ్చే గొట్టాన్ని, అంటే షవర్ ఆర్మ్‌ను, స్కేలు పెట్టి కొలిస్తే బయటి అడ్డుకొలత అరంగుళం రాదు, సుమారు 21 మిల్లీమీటర్లు వస్తుంది. అరంగుళం అనేది పాతకాలపు ఇనుప గొట్టాల లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చిన పేరు మాత్రమే. వెర్నియర్ లేకపోతే మరల మీద ఒక సన్నని కాగితపు పట్టీని ఒక్క చుట్టు చుట్టి, కలిసిన చోట గీత పెట్టి, విప్పి కొలవండి. 65 నుంచి 67 మిల్లీమీటర్ల మధ్య వస్తే అది అరంగుళం. 84 దగ్గర వస్తే ముప్పావంగుళం. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

అయితే ఆ కొలత మీకు చెప్పనిది ఒకటుంది. మన దేశంలో కుళాయిలకు, షవర్లకు వాడేది బ్రిటిష్ పద్ధతి మర, బీఎస్‌పీ అంటారు. అమెరికాలో వాడేది ఎన్‌పీటీ. అరంగుళంలో ఈ రెండింటికీ అంగుళానికి 14 మరలే ఉంటాయి, అడ్డుకొలతలో తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి కాగితపు పట్టీతో గాని, మరలు లెక్కపెట్టి గాని ఏది ఏదో తేల్చలేరు. తేడా రెండు చోట్ల ఉంది. మర పళ్ల కోణం బీఎస్‌పీలో 55 డిగ్రీలు, ఎన్‌పీటీలో 60 డిగ్రీలు. పైగా ఎన్‌పీటీ గొట్టం కొస వైపు సన్నబడుతూ వస్తుంది, పొడవులో ప్రతి 16 పాళ్లకు ఒక పాలు చొప్పున. మన షవర్ల లోపలి మర మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పుతో ఉంటుంది. అందువల్ల అమెరికా గొట్టం సన్నని కొస మన షవర్‌లోకి హాయిగా దూరుతుంది, నాలుగు చుట్ల తరవాత లావైన చోట పట్టేస్తుంది. చేతికి అది సరిగ్గా బిగిసినట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం పళ్లు ఒకటి రెండు చోట్ల తప్ప ఆనవు, కోణాలు కలవని సందు మరను అనుసరించి మెలికలు తిరుగుతూ బయటి దాకా దారి ఇస్తుంది. నీళ్లు ఆ దారినే వస్తాయి. (దీనికి తలకిందులుగా, మన బయటి మరను అమెరికా లోపలి మరలోకి ఎక్కించబోతే మొదటి చుట్టులోనే మొరాయిస్తుంది. ఆ మొరాయింపే నయం, కనీసం మోసం చేయదు.)

"ఇంటి దగ్గర ఇలాంటి జాయింటుకు టెఫ్లాన్ టేపు చుడితే ఆగిపోయేది కదా" అని ఆ తమ్ముడు వాదించాడు. ఆగిపోతుంది. ఇంటి పైన ట్యాంకు షవర్‌కు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే అక్కడ ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. అమెరికా ఇళ్లలో మామూలుగా 40 నుంచి 80 పీఎస్ఐ, అంటే దాదాపు 3 నుంచి 5.5 బార్ ఉంటుంది. దాదాపు పది రెట్లు, ఆపైన ఉండే ఒత్తిడి ముందు, సరిపోలని మరలను టేపు ఎల్లకాలం కాపాడలేదు.

కారుతున్నదాన్ని ఆపాలని ఇంకా తిప్పినప్పుడు నష్టం మొదలవుతుంది. షవర్ ఆర్మ్ గోడ లోపల ఎల్బో అనే వంపు ముక్కలోకి ఇలాగే మరలతో బిగించి ఉంటుంది. మీరు బయట తిప్పిన బలానికి గొట్టం మొత్తం తిరిగితే లోపలి టేపు చెదురుతుంది, ఆ కారడం మీకు కనిపించదు. పాత షవర్‌ను విప్పేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. అందుకే ముందుగా గొట్టం మీద, గోడను ఆనుకున్న గుండ్రటి బిళ్ల మీద కలిసేలా పెన్సిల్‌తో ఒక గీత గీయండి. ఒక పానాతో గొట్టాన్ని గుడ్డ చుట్టి కదలకుండా పట్టుకుని, రెండో పానాతో షవర్‌ను తిప్పండి. గీతలు విడిపోయాయంటే ఆ పనిని అక్కడే ఆపి మెయింటెనెన్స్ వారిని పిలవండి. సిగ్గుపడి దాచకండి, నేను దాచాను.

సరైన దారి రెండు రకాలు. మొదటిది, ఒక ఇత్తడి అడాప్టర్ కొనడం. వెతికేటప్పుడు `1/2 NPT female to G 1/2 male adapter` అని పూర్తిగా టైప్ చేయండి. అందులో G 1/2 అన్నది మన అరంగుళం బీఎస్‌పీ మరే. ఉత్త అరంగుళం అని వెతికితే మళ్లీ మొదటికే వస్తారు. రెండోది నాకు ఇష్టమైనది: గొట్టానికి తగిలించే బ్రాకెట్‌ను మాత్రం ఇక్కడే కొని, మీరు తెచ్చుకున్న హోసును, చేతి షవర్‌ను దానికి కలపడం. హోసు కొసన ఉండే నట్టు మరలతో నీటిని ఆపదు, లోపలి రబ్బరు వాషర్‌తో ఆపుతుంది. కనుక అక్కడ ఈ పద్ధతుల తేడా చాలావరకు బాధించదు.

టేపు గురించి కూడా ఇదే లెక్కన ఆలోచించాలి. మరలే నీటిని ఆపవలసిన చోట, అంటే గోడ గొట్టం మీద మాత్రమే చుట్టాలి. వాషర్ ఉన్న హోసు నట్టుకు టేపు చుట్టడం దండగ, పైగా వాషర్ సరిగా ఆనకుండా అడ్డుపడుతుంది. పాత టేపు పీలికలన్నీ గీకి తీసేయండి. గొట్టం కొస మీ ముఖానికి ఎదురుగా ఉండగా గడియారపు ముల్లు తిరిగే వైపు, మొదటి మరను వదిలేసి, టేపును లాగి పట్టుకుని మూడు చుట్లు చుట్టండి. ఆ మరను వదలకపోతే పీలికలు షవర్ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. పది చుట్లు చుడితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. చేత్తో బిగించి, పానాతో పావు నుంచి అర చుట్టు చాలు. బిగించాక నిటారుగా లేదని వెనక్కి తిప్పారా, టేపు తెగినట్టే. విప్పి మళ్లీ చుట్టవలసిందే.

తరవాత పది నిమిషాలు వేడి నీళ్లు వదిలి, జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి చూడండి. కంటికి కనబడని చెమ్మ కాగితానికి తెలుస్తుంది. కాగితం పొడిగా ఉండి, షవర్ కట్టేసిన కాసేపటి వరకు రంధ్రాల నుంచి నాలుగు బొట్లు రాలితే అది లోపల మిగిలిన నీరే, దానికి నాకు ఫోన్ చేయనక్కరలేదు.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోక తప్పదు. సరైన బ్రాకెట్ చేతిలో ఉంటే ఇది పదిహేను నిమిషాల పని. బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లినవారికి అక్కడి మరలు కూడా బీఎస్‌పీయే కాబట్టి ఈ గొడవలో సగం ఉండనే ఉండదు. ఆ తమ్ముడి బాత్‌రూమ్‌లో పెన్సిల్ గీతలు కలిసే ఉన్నాయి, మర్నాడు కొత్త బ్రాకెట్ బిగించాం, కాగితం పొడిగానే వచ్చింది. విప్పిన పాత షవర్‌ను మాత్రం సింకు కింద సంచిలో పెట్టించాను. ఇల్లు ఖాళీ చేసే రోజున దాన్ని తిరిగి బిగించాలి కదా.